విప్పే చేయి, చెప్పే మాట

*అన్‌బాక్సింగ్ వీడియోకి డబ్బిచ్చే కంపెనీ కొన్ని మాటలు చెప్పి తీరాలంటుంది. చూసేవాళ్లు మాత్రం పెట్టె విప్పుతున్న మనిషి సొంత మాట వినడానికి వస్తారు. ఈ రెండూ ఒకే వీడియోలో ఇమడాలంటే కావలసింది నటన కాదు. ఏ మాట ఎవరిదో, ఎప్పుడు చెప్పాలో ముందే తేల్చుకోవడం.*

బల్ల మీద అట్టపెట్టె, రెండు పక్కలా లైట్లు. కట్టర్ మొన టేపు మీదుగా జారగానే పర్రుమని చప్పుడు. పెట్టె రెక్కలు తెరుచుకున్నాయి. పైనున్న థర్మాకోల్ అచ్చు కిర్రుమంటూ బయటికొచ్చింది. "అమ్మో, బరువు బాగానే ఉందే!" అంటూ ఆమె మిక్సీని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టింది. అడుగున రబ్బరు కాళ్లు గట్టిగా పట్టుకున్నాయో లేదో కదిపి చూసింది. అంతవరకూ పక్కింటి వదిన కొత్తగా కొన్న సామాను చూపిస్తున్నట్టే ఉంది. నాలుగో నిమిషంలో చేతులు ఆగిపోయాయి. చూపు కెమెరా పక్కకి జరిగింది. గొంతు కాస్త పైకి లేచింది. "ఈ ఉత్పత్తి 750 వాట్ల శక్తిమంతమైన మోటారుతో, అత్యాధునిక ఓవర్‌లోడ్ రక్షణ వ్యవస్థతో, నేటి ఆధునిక గృహిణుల కోసం ప్రత్యేకంగా రూపొందించబడింది." ఆ వాక్యం అయ్యాక చేతులు మళ్లీ కదిలాయి. కానీ ఫోన్‌లో చూస్తున్నవాళ్లు అప్పటికే తెరను రెండుసార్లు తట్టి వీడియోని ముందుకు నెట్టేశారు.

ఫోన్లు, మిక్సీలు, చీరలు, పిల్లల బొమ్మలు, ఏ పెట్టె విప్పే వీడియో చూసినా ఇలాంటి ఘట్టం ఒకటి తగులుతోంది. కింద కామెంట్లలో "ఇది పెయిడ్ వీడియోనా అక్కా?" అన్న ప్రశ్న కూడా తగులుతోంది. వీడియో చేసేవాళ్ల ఇబ్బంది నిజమైనదే. ఛానల్ నడవాలంటే స్పాన్సర్ కావాలి. స్పాన్సర్ ఊరికే డబ్బివ్వడు. 'బ్రీఫ్' అనే కాగితం పంపి, అందులో ఉన్న టాకింగ్ పాయింట్లు ఒక్కటీ వదలకుండా చెప్పమంటాడు. వాటిని చెబుతూనే సహజంగా ఉండటం ఎలా? ఇది నటనా కౌశలానికి సంబంధించిన ప్రశ్న అనీ, బాగా సాధన చేస్తే రాసిచ్చిన మాటనూ సొంత మాటలా పలకవచ్చనీ చాలామంది అనుకుంటారు. ఆ దారి తప్పు. సహజత్వం గొంతులో పుట్టదు, అమరికలో పుడుతుంది. ఏ అంశాన్ని చేతిలో వస్తువుతో చూపించగలం, ఏది వాడి చూస్తే తప్ప తెలియదు, ఏది కంపెనీ మాటగానే చెప్పాలి అన్నది కెమెరా ఆన్ చేయకముందే తేలిపోతే, సహజత్వం కోసం విడిగా పాటుపడనక్కర్లేదు.

అతుకు ఎక్కడ తెలుస్తుంది?

బ్రీఫ్‌ని సాధారణంగా మార్కెటింగ్ విభాగం ఇంగ్లిష్‌లో రాస్తుంది. ఏజెన్సీ ద్వారా అది చేతులు మారుతుంది. వీడియో చేసేవాళ్లు తెలుగులోకి తిప్పుకుంటారు. ఈ ప్రయాణంలో వాక్యం మాట్లాడే భాష నుంచి కరపత్రం భాషలోకి జారిపోతుంది. 'రూపొందించబడింది', 'అందించబడుతుంది' లాంటి క్రియలు వచ్చి చేరతాయి. ఇంట్లో ఎవరూ మిక్సీని 'ఉత్పత్తి' అనరు. కంపెనీ పేరు, మోడల్ పేరు కలిపి ప్రతిసారీ పూర్తిగా పలకరు. అంతదాకా 'ఇది', 'దీని మూత', 'ఈ జారు' అంటూ సాగిన మాటలో హఠాత్తుగా పూర్తి పేరు వినబడితే, వినేవాళ్ల చెవి అక్కడ అతుకుని పట్టేస్తుంది.

భాషకన్నా ముందు పట్టించేవి చేతులు. పెట్టె విప్పే వీడియోకి ప్రాణం చేతి కదలికే. ఒక వస్తువు బయటికి రావాలి, దాన్ని తిప్పి చూడాలి, ఆ చూసినదాని గురించి మాట రావాలి. ఆ వరస తిరగబడి, చేతిలో ఏమీ లేకుండా మాట మొదలైతే అది ప్రకటనలా వినిపిస్తుంది. ఎంత బాగా పలికినా ఆ తేడా పోదు. దీన్ని ఎవరైనా తమ వీడియో మీదే పరీక్షించుకోవచ్చు. శబ్దం తీసేసి ఒకసారి చూడాలి. చేతులు ఎక్కడ ఆగాయో, కళ్లు ఎక్కడ పక్కకి వెళ్లాయో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత తెర చూడకుండా మాట మాత్రమే వినాలి. గొంతు వేగం, భాష ఎక్కడ మారాయో గుర్తించాలి. రెండు పరీక్షల్లోనూ ఒకే చోటు దొరికిందంటే అతుకు అక్కడే ఉంది. వీడియో బయటికి వెళ్లాక యూట్యూబ్ స్టూడియోలోని రిటెన్షన్ గ్రాఫ్ కూడా ఇదే చెబుతుంది. చూసేవాళ్లు దాటేసిన చోట గీత గుంటలా కిందికి దిగి మళ్లీ లేస్తుంది. ఆ గుంట స్పాన్సర్ మాటల దగ్గరే పడితే, స్పాన్సర్ డబ్బిచ్చి చెప్పించుకున్న మాటలే ఎవరూ వినలేదని అర్థం. అతుకు కనబడటం వీడియో చేసినవాళ్లకు ఎంత నష్టమో కంపెనీకీ అంతే నష్టం. బేరానికి కూర్చున్నప్పుడు గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంగతి ఇది.

రాసిచ్చిన అనుభవం

అతుకు కనబడకుండా మరింత బాగా నటిస్తే సరిపోదా అన్న ప్రశ్నకు అమెరికాలోని కొన్ని కేసులు జవాబు చెప్పాయి. గూగుల్ సంస్థ పిక్సెల్ 4 ఫోను ప్రచారానికి రేడియో వ్యాఖ్యాతల చేత ప్రకటనలు చదివించింది. అవి 'నేను ఈ ఫోనుతో ఇలా ఫొటోలు తీశాను' అన్న తీరులో, సొంత అనుభవంలా రాసిన వాక్యాలు. అయితే చాలా ప్రకటనలు రికార్డయ్యే నాటికి ఆ వ్యాఖ్యాతల చేతికి ఫోనే అందలేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, కొన్ని రాష్ట్రాలు ఆరోపించాయి. దాదాపు 29 వేల ప్రసారాల మీద నడిచిన ఆ వ్యవహారం 2022 నవంబర్‌లో గూగుల్, ఐహార్ట్‌మీడియా కలిపి 94 లక్షల డాలర్లు చెల్లించే ఒప్పందంతో ముగిసింది. వ్యాఖ్యాతలు సరిగా పలకలేదని అక్కడ ఎవరూ అనలేదు. లేని అనుభవాన్ని ఉన్నట్టు చెప్పించడమే అక్కడ తప్పయింది. నటన ఎంత సహజంగా ఉంటే ఆ తప్పు అంత పెద్దదవుతుంది.

మరో రెండు కేసులు దాపరికం సంగతి చెబుతాయి. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ విడుదల సమయంలో మషీనిమా అనే నెట్‌వర్క్ కొందరు యూట్యూబర్లకు డబ్బిచ్చి వీడియోలు చేయించింది. ఒకరికి 15 వేల డాలర్లు, మరొకరికి 30 వేల డాలర్లు ముట్టాయి. డబ్బు తీసుకున్న సంగతి వీడియోల్లో సరిగా తెలియజేయలేదని 2015లో ట్రేడ్ కమిషన్ ఆ నెట్‌వర్క్‌ని పట్టుకుంది. 2016లో వార్నర్ బ్రదర్స్ వంతు వచ్చింది. ఒక వీడియో గేమ్ ప్రచారానికి యూట్యూబర్లతో చేసుకున్న ఒప్పందంలో, ఆటలోని లోపాలు వీడియోలో కనబడకూడదన్న షరతు ఉంది. ప్రాయోజిత వీడియో అన్న మాటను తెర మీద కాకుండా కింద డిస్క్రిప్షన్‌లో, నొక్కితే గానీ తెరుచుకోని భాగంలో పెట్టించారు. మాట రాసివ్వడం, లోపం దాయించడం, సంబంధం దాచడం చాలాసార్లు కలిసే వస్తాయి. వీటిలో ఒకదానికి ఒప్పుకుంటే మిగతా రెండింటికీ తలుపు తెరిచినట్టే.

> మన దగ్గర నిబంధన ఏమంటుంది?
>
> • వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనను సమర్థించిన వ్యక్తికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఏడాది పాటు, మళ్లీ జరిగితే మూడేళ్ల దాకా ప్రచారాలు చేయకుండా నిషేధించవచ్చు. చెప్పిన విషయం నిజమో కాదో తగిన జాగ్రత్తతో పరిశీలించామని చూపించగలిగినవారికి ఈ శిక్షల నుంచి రక్షణ ఉంది.
>
> • 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం, డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువైనా, ప్రయాణమైనా ఆ సంబంధాన్ని చెప్పాలి. వీడియోలో మాటలోనూ, తెర మీదా చెప్పాలి. ప్రచారం ఏ భాషలో సాగితే ఆ భాషలోనే చెప్పాలి.
>
> • ప్రకటనల ప్రమాణాల మండలి నియమాలు 2021 జూన్ నుంచి అమల్లో ఉన్నాయి. 15 సెకన్ల లోపు వీడియోలో లేబుల్ కనీసం 3 సెకన్లు ఉండాలి. రెండు నిమిషాల లోపైతే వీడియో నిడివిలో మూడో వంతు సేపు ఉండాలి. రెండు నిమిషాలు దాటితే ఆ బ్రాండ్ గురించి, దాని గుణాల గురించి మాట్లాడినంతసేపూ ఉండాలి.

ఆరు అంశాలు, మూడు కుప్పలు

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపి చూద్దాం. ఎనిమిది నిమిషాల మిక్సీ అన్‌బాక్సింగ్ వీడియో. బ్రీఫ్‌లో ఆరు అంశాలు ఉన్నాయనుకుందాం. ఒకటి, 750 వాట్ల శక్తిమంతమైన మోటారు. రెండు, మూడు స్టీలు జార్లు. మూడు, మూత నుంచి కారదు. నాలుగు, ఓవర్‌లోడ్ రక్షణ. ఐదు, మోటారుకు ఐదేళ్ల వారంటీ. ఆరు, 'దేశంలోనే నంబర్ వన్ ఎంపిక'. చివర కూపన్ కోడ్ ఎలాగూ ఉంటుంది. ఈ జాబితాను ఉన్న వరసలో చదివితే కరపత్రమే అవుతుంది. అందుకే ముందు దాన్ని మూడు కుప్పలుగా విడదీయాలి.

మొదటి కుప్ప, పెట్టె విప్పగానే కంటికి కనిపించేవి. మూడు జార్లు, ఓవర్‌లోడ్ స్విచ్, వారంటీ కార్డు ఇందులోకి వస్తాయి. వీటికి విడిగా వాక్యం రాసుకోనక్కర్లేదు. జారు చేతికి వచ్చినప్పుడే దాని మాట వస్తుంది. పెద్ద జార్లో పిండికి ఎంత పడుతుంది, చిన్న జారు నలుగురికి సరిపడే చట్నీకి సరిపోతుందా అని లోపలికి చూస్తూ చెప్పవచ్చు. ఓవర్‌లోడ్ రక్షణ అన్నది వినడానికి పెద్ద మాట. చూడటానికి అది మిక్సీ అడుగున ఉండే చిన్న బటన్, చాలా మోడళ్లలో ఎర్రది. మిక్సీని పక్కకి వంచి వేలితో ఆ బటన్ని చూపించి, "పిండి మరీ గట్టిగా వేస్తే మోటారు కాలిపోకుండా ఇది ఆపేస్తుంది. అప్పుడు మిక్సీ పాడైందని కంగారు పడొద్దు. ప్లగ్ తీసి, జార్లోంచి కాస్త పిండి తీసేసి, కొన్ని నిమిషాలు ఆగి దీన్ని నొక్కండి" అంటే కంపెనీ అడిగిన అంశం పూర్తయింది, చూసేవాళ్లకు పనికొచ్చే సంగతీ అందింది. రేపు మిక్సీ ఆగిపోయినప్పుడు ఆ మాట గుర్తొస్తుంది. వారంటీ కూడా అంతే. 'ఐదేళ్లు' అన్న అంకె చెప్పి వదిలేయకుండా కార్డుని కెమెరాకి దగ్గరగా పెట్టి, ఐదేళ్లు మోటారుకేనా, మిగతా యంత్రానికి ఎన్నేళ్లు, జార్లకూ బ్లేళ్లకూ వర్తిస్తుందా, దుకాణం ముద్ర ఉండాలా అన్నవి అక్కడే చదివి చెప్పాలి. కార్డులో ఉన్నది చదవడానికి ఏ కంపెనీ అభ్యంతరం చెప్పలేదు.

రెండో కుప్ప, వాడితే తప్ప తెలియనివి. మోటారు బలం, మూత కారకపోవడం ఇందులోవి. పెట్టె విప్పిన నిమిషంలో "పవర్ఫుల్ మోటార్" అనడానికి ఎవరికీ ఆధారం లేదు. వాట్లన్నది ఆ మోటారు తీసుకునే కరెంటు లెక్క. పిండి ఎంత మెత్తగా వస్తుందో అది చెప్పదు. బ్లేడు పదును, జారు ఆకారం, తిరిగే వేగం కలిస్తేనే ఆ సంగతి తేలుతుంది. కాబట్టి విప్పేటప్పుడు అడుగున ఉన్న పట్టీ మీద 750 వాట్లు అని రాసి ఉందని మాత్రం చూపించాలి. బలం సంగతి నానబెట్టిన మినప్పప్పు, ఎండు కొబ్బరి, పసుపు కొమ్ములు తేల్చాలి. మూత సంగతికి నీళ్లు చాలు. జార్లో గుర్తు దాకా నీళ్లు పోసి, మూత పెట్టి, తిప్పి, చుట్టూ పొడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను చూపిస్తే సరిపోతుంది. గుర్తు దాటి పోస్తే ఏమవుతుందో కూడా చూపిస్తే ఇంకా మంచిది.

మూడో కుప్ప, కంపెనీ మాట మీద తప్ప చెప్పలేనివి. 'నంబర్ వన్' లాంటివన్నీ ఇక్కడికే వస్తాయి. దేశం మొత్తం అమ్మకాల లెక్క పెట్టె విప్పేవాళ్ల దగ్గర ఉండదు. దాన్ని సొంత మాటగా పలికితే అబద్ధమైనా కావచ్చు, ఆధారం లేని మాట మాత్రం తప్పకుండా అవుతుంది. పెట్టె మీద అచ్చయి ఉంటే, "తమది నంబర్ వన్ అని కంపెనీ ఇక్కడ రాసుకుంది" అని చదివి ముందుకు వెళ్లవచ్చు. లేదంటే ఆధారం అడగాలి. ఆధారం పంపితే ఎవరు లెక్కించారో, ఏ ఏడాది లెక్కో చెప్పాలి. పంపకపోతే ఆ అంశాన్ని తీసేయమనాలి. చాలా బ్రీఫుల్లో అంశాల సంఖ్య తగ్గేది ఈ ఒక్క ప్రశ్నతోనే.

> కాగితం మీద వాక్యం – నోట్లో వాక్యం
>
> కాగితం: శక్తిమంతమైన 750 వాట్ల మోటారు.
> నోరు: "750 వాట్లని ఇక్కడ రాశారు. మినప్పిండి వేసి చూశాకే మిగతా మాట."
>
> కాగితం: పూర్తి లీక్‌ప్రూఫ్ మూతలు.
> నోరు: "గుర్తు దాకా పోశాను, గుడ్డ తడవలేదు. గుర్తు దాటితే మాత్రం మూత పక్క నుంచి చిమ్మింది."
>
> కాగితం: ఐదేళ్ల వారంటీ.
> నోరు: "ఐదేళ్లు మోటారుకే. జార్లకు లేదని కార్డులో ఉంది, చూడండి."
>
> కాగితం: దేశంలోనే నంబర్ వన్ ఎంపిక.
> నోరు: "ఇది కంపెనీ చెబుతున్న మాట."

తీసే వరస

ఈ విభజన జరిగాక చిత్రీకరణ వరస దానంతటదే వస్తుంది. పెట్టె విప్పడం ఒక్కసారే జరుగుతుంది కాబట్టి దాన్ని ఆపకుండా ఒకే టేకులో తీయాలి. మాట తడబడితే తడబడనివ్వాలి. ఒక అంశం మరిచిపోతే తర్వాత విడిగా తీసుకోవచ్చు. మరిచిపోయిన మాట కోసం సీలు మళ్లీ అతికించి, విప్పిన పెట్టెనే తిరిగి విప్పి ఆశ్చర్యపోవడం చూసేవాళ్లను మోసగించడమే. పైగా అది తెలిసిపోతుంది. ఒకసారి లేచిన టేపు సాఫీగా అతకదు. మడత విరిగిన ప్లాస్టిక్ సంచి మళ్లీ అచ్చులో సరిగా కూర్చోదు. కొంతమంది కంపెనీని రెండు యూనిట్లు అడుగుతారు. ఒకటి వాడి చూడటానికి, రెండోది కెమెరా ముందు విప్పడానికి. అది మంచి పద్ధతే. ముందే ఒకటి వాడామని చెప్పేస్తే ఇక మొదటిసారి చూస్తున్నట్టు నటించవలసిన అవసరమూ ఉండదు.

ఒకే యూనిట్ దొరికితే వీడియోని రెండు భాగాలుగా తీయడం మేలు. మొదటి రోజు విప్పడం. తర్వాత వారం రోజులు ఇంటి వాడకం. ఆ తర్వాత రెండో భాగం, వేరే రోజు తీసినదని తెర మీద తేదీతో సహా. వాడకుండా దేన్నీ సమర్థించవద్దని కేంద్రం సూచనలు చెబుతున్నాయి. అన్‌బాక్సింగ్ అంటేనే తొలిచూపు కాబట్టి ఈ రెండూ పొసగవని కొందరు అంటారు. రెండు భాగాల పద్ధతి ఆ చిక్కును తీరుస్తుంది. తొలిచూపులో తొలిచూపు మాటలే ఉంటాయి. సమర్థన ఏదైనా ఉంటే అది వాడిన తర్వాతి భాగంలోనే ఉంటుంది. ఎనిమిది నిమిషాల్లో మొదటి అర నిమిషం స్పాన్సర్ సంగతికి, నాలుగు నిమిషాలు విప్పడానికి, మూడు నిమిషాలు వాడకానికి పోతే, చివరి అర నిమిషం కూపన్ కోడుకు మిగులుతుంది. కూపన్ని సంభాషణలో కలిపి దాచవలసిన పని లేదు. అది ధర సమాచారం. "కోడ్ కింద పెట్టాను, దాంతో కొంటే నాకూ కమిషన్ వస్తుంది" అని సూటిగా చెబితే అతుకు అన్న సమస్యే రాదు.

శబ్దం గురించి ఒక మాట. మిక్సీ తిరిగేటప్పుడు దాని హోరు తగ్గించి వెనక సంగీతం వేయడం చాలామందికి అలవాటు. కొనేవాళ్లు తెలుసుకోవాలనుకునే వాటిలో ఆ హోరు ఒకటి. దాన్ని యథాతథంగా వదిలేయాలి. మిక్సీ పక్కన నిలబడి మాట్లాడితే ఎంత గట్టిగా అరవాలో అదే చెబుతుంది.

లోపం చెబితే స్పాన్సర్ పోడా?

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. మూత చిమ్మింది, వారంటీ జార్లకు లేదు అంటే డబ్బిచ్చినవాడు ఊరుకుంటాడా? ఆ భయం అర్థం లేనిది కాదు. కానీ ఏ లోపం చెబుతున్నామన్నది చూడాలి. కొత్త మిక్సీని మొదటి కొన్నిసార్లు తిప్పినప్పుడు మోటారు నుంచి కాలిన వాసన వస్తుంటుంది. వైండింగ్ మీది వార్నిష్ వేడెక్కడం వల్ల వచ్చే వాసన అది. కొన్నాళ్లకు పోతుంది. చాలా కంపెనీలు తమ మాన్యువల్‌లోనే ఈ సంగతి రాస్తాయి. వీడియోలో దాన్ని దాస్తే, కొన్నవాళ్లు మొదటి రోజే బెదిరి వస్తువు తిప్పి పంపుతారు, కింద కోపంగా రివ్యూ రాస్తారు. "మొదట్లో వాసన వస్తుంది, మాన్యువల్‌లోనూ ఉంది, భయపడకండి" అని చెబితే ఆ తిప్పలు కంపెనీకి తప్పుతాయి. వాడకంలో ఎదురయ్యే ఇలాంటి హద్దుల్ని ముందే చెప్పడం కంపెనీకి కూడా లాభమేనని దాని ప్రతినిధికి వివరించి చెప్పవచ్చు. బేరానికి ఇది మంచి వాదన, నిజమైన వాదన కూడా.

అయితే అన్ని లోపాలూ ఇలా మెత్తగా ఉండవు. జారు కప్లర్ వారంలోనే అరిగితే, తీగ వేడెక్కితే ఏం చేయాలి? అప్పుడు సహజంగా చెప్పే నేర్పు పనికిరాదు. ఆ వీడియో చేయకుండా ఉండే హక్కు పనికొస్తుంది. అది ఒప్పందంలో ముందే ఉండాలి. బ్రీఫ్ అందిన రోజే పంపవలసిన జవాబు నాలుగు వాక్యాల్లో ఇమిడిపోతుంది: "మీరు అడిగిన అంశాలు చెబుతాను, వాక్యాలు మాత్రం నావి, వరస వస్తువుని బట్టి ఉంటుంది. ఆధారం లేని అంశాలను కంపెనీ మాటగానే చెబుతాను. విడుదలకు ముందు వీడియో మీకు చూపిస్తాను, అందులో వాస్తవం తప్పుగా ఉంటే దిద్దుతాను, అభిప్రాయం మార్చను. వాడకంలో భద్రతకు సంబంధించిన లోపం కనబడితే వీడియో ఆపి వస్తువు తిప్పి పంపుతాను." వాస్తవానికీ అభిప్రాయానికీ మధ్య గీసిన ఈ గీత రెండు పక్షాలకూ న్యాయమైనది. మోడల్ నంబరు తప్పు చెబితే దిద్దమనే హక్కు కంపెనీకి ఉంది. 'శబ్దం ఎక్కువ' అన్న మాట తీసేయమనే హక్కు లేదు.

బేరమాడే శక్తి పెద్ద ఛానళ్లకే ఉంటుంది, పదివేల మంది చూసేవాళ్లున్న చిన్న ఛానల్ ఈ జవాబు పంపితే ఏజెన్సీ మరొకరిని చూసుకుంటుంది అన్నది రెండో అభ్యంతరం. అది కొన్నిసార్లు జరుగుతుంది, కాదనలేం. కానీ ఆ జవాబులోని అన్ని వాక్యాలూ సమానం కావు. తప్పనిసరిగా నిలబెట్టుకోవలసినవి రెండే. వాడని అనుభవాన్ని వాడినట్టు చెప్పకపోవడం, స్పాన్సర్ సంబంధాన్ని దాచకపోవడం. ఈ రెండూ చట్టం వైపున్నవి కాబట్టి చిన్న ఛానల్ కూడా "నిబంధన ఒప్పుకోదు" అని చెప్పి తప్పుకోవచ్చు. జరిమానా పడితే ఏజెన్సీ కట్టదు. వాక్యాలు, వరస లాంటివి మెల్లగా, గత వీడియో రిటెన్షన్ గ్రాఫ్ చూపించి అడిగి సాధించుకోవచ్చు.

పెయిడ్ అని చెబితే సహజత్వం పోదా?

మూడో అభ్యంతరం అన్నిటికన్నా ఎక్కువగా వినబడేది. మొదటి నిమిషంలోనే డబ్బు తీసుకున్నామంటే తర్వాత ఏం చెప్పినా ఎవరూ నమ్మరని. ఇందులో కొంత నిజం ఉంది. 2016లో అచ్చయిన ఒక కొరియన్ అధ్యయనంలో ఇద్దరు పరిశోధకులు ప్రాయోజిత బ్లాగు రాతలను పాఠకులకు చూపించి ఈ సంగతి పరీక్షించారు. 'ఇది స్పాన్సర్డ్' అని పొడిగా చెప్పి వదిలేస్తే రాసినవారి మీద నమ్మకం తగ్గింది. 'స్పాన్సర్డే, అయినా అభిప్రాయాలు నావి' అని చెప్పినప్పుడు ఆ తగ్గుదల కనబడలేదు. ఆ మాట అనేస్తే చాలునని దీని అర్థం కాదు. అది నిజం కావాలి, వీడియోలో దానికి రుజువు కనబడాలి. పైన చెప్పిన మూడు కుప్పల పద్ధతి ఇచ్చేది ఆ రుజువునే. కంపెనీ మాట ఇది, నా మాట ఇది అని వీడియో పొడవునా విడిగా వినబడుతుంటే, మొదట్లో చెప్పిన వాక్యాన్ని చూసేవాళ్లు తామే సరిచూసుకోగలరు. సంబంధం దాచినప్పటి నష్టం మాత్రం ఒక వీడియోతో ఆగదు. 2020 ఆగస్టులో దక్షిణ కొరియాలో ఎందరో పేరున్న యూట్యూబర్లు డబ్బు తీసుకున్న సంగతి చెప్పకుండా చేసిన వీడియోలకు క్షమాపణలు చెప్పుకోవలసి వచ్చింది. నిజాయితీగా చేసిన పాత వీడియోల్ని కూడా జనం అనుమానంగా తిరగేశారు.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. టాకింగ్ పాయింట్లను ఒక్క చోట కుప్పపోయకుండా వస్తువు వెంట పరిస్తే వీడియో సహజంగా ఉంటుందన్నది నిజమే. కానీ అలా పరిచిన క్షణం నుంచి ఆ వీడియోలో 'ప్రకటన భాగం' అంటూ విడిగా ఏదీ ఉండదు. వీడియో మొత్తం ప్రకటనే. రెండు నిమిషాలు దాటిన వీడియోలో బ్రాండ్ గుణాల గురించి మాట్లాడినంతసేపూ లేబుల్ ఉండాలన్న నియమం ప్రకారం, లేబుల్ కూడా మొదటి నుంచి చివరిదాకా తెర మూలన ఉండాలి. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడి టిక్ చేస్తే వచ్చే సూచన మొదటి పది సెకన్లలోనే కనుమరుగవుతుంది. అదొక్కటే సరిపోదు. మాట ఎంత సహజంగా కలిసిపోతే లేబుల్ అంత స్పష్టంగా ఉండాలి. ఎందుకంటే అతుకు కనబడని వీడియోలో చూసేవాళ్లను హెచ్చరించేది ఆ లేబుల్ ఒక్కటే. 'కొలాబ్' అని ఇంగ్లిష్‌లో మూలన చిన్న అక్షరాలు పడేసి ఊరుకోవడం తెలుగు వీడియోకి చెల్లదు. 'ప్రకటన' అని తెలుగులో, ఫోను తెర మీద చదవగలిగేంత పెద్దగా ఉండాలి. నోటితోనూ చెప్పాలి: "ఈ వీడియోకి కంపెనీ డబ్బిచ్చింది. మిక్సీ కూడా వాళ్లే పంపారు. వాళ్లు చెప్పమన్నవి చెబుతాను, వాడి చూసినవి విడిగా చెబుతాను."

సహజత్వం, స్పాన్సర్ మాట ఒకదానికొకటి శత్రువులన్న అభిప్రాయం వల్లనే ఇన్నాళ్లూ రెండూ దెబ్బతిన్నాయి. నిజానికి వస్తువు గురించి ఏదో ఒకటి చెప్పమనే కంపెనీ అడుగుతుంది, వస్తువు గురించి తెలుసుకోవాలనే చూసేవాళ్లు వస్తారు. ఇద్దరికీ కావలసింది ఒకటే అయినప్పుడు మధ్యలో నటనతో పనేముంది? చూపించగలిగింది చూపించి, వాడి తెలుసుకున్నది వాడాక చెప్పి, మిగిలినది ఎవరి మాటో వారి పేరుతో చెబితే ఆరు అంశాలూ వీడియోలో ఇమిడిపోతాయి. ఇమడని అంశం ఏదైనా మిగిలితే తప్పు ఆ అంశంలోనే ఉంది. దాన్ని బ్రీఫ్‌లోంచి తీయించడం కూడా వీడియో చేసేవాళ్ల పనిలో భాగమే.